ఐవీ 42, హెచ్‌వీ 24: ఫలితాల ముందు ఆప్షన్లు నిజంగా ఖరీదుగా ఉన్నట్టేనా?

గాజువాక కుర్రాడు

అందరికీ నమస్కారం. గత త్రైమాసికంలో ఒక కంపెనీ ఫలితాలకు ముందు 1,000 స్ట్రైక్‌లో కాల్, పుట్ రెండూ కలిపి 66 రూపాయలకు కొన్నాను. షేరు అప్పుడు 1,000 దగ్గర ఉంది. ఫలితాలు వచ్చిన మర్నాడు షేరు 4 శాతం పెరిగి 1,040కి చేరింది. నేను ఆనందంగా ఫోను తెరిస్తే నా స్ట్రాడిల్ విలువ 48! షేరు కదిలింది కానీ నా డబ్బు పోయింది.

ఇప్పుడు మళ్ళీ అదే షేరు, అదే 1,000 దగ్గర, మళ్ళీ ఫలితాలు. ఆప్షన్ ధరను బట్టి మార్కెట్ ఊహిస్తున్న ఊగిసలాట, అంటే ఐవీ, యాప్‌లో 42 చూపిస్తోంది. గడిచిన 20 రోజుల్లో షేరు నిజంగా ఊగిన లెక్క, అంటే హెచ్‌వీ, 24. ఐవీ దాదాపు రెట్టింపు కాబట్టి ఆప్షన్లు చాలా ఖరీదుగా ఉన్నట్టే కదా? అందుకని ఈసారి కొనకుండా అమ్ముదామనుకుంటున్నాను. లాట్‌కు 500 షేర్లు. తప్పు చేస్తున్నానేమో చెప్పండి.

రిటైర్డ్ ఫర్నేస్

బాబూ, ఇందులో అనుమానం దేనికి? ఐవీ పైన, హెచ్‌వీ కింద ఉంటే అమ్మాలి. కింద ఉంటే కొనాలి. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగ విరమణ చేసిన దగ్గర నుంచి ఆరేళ్ళుగా నిఫ్టీలో ఇదే సూత్రం పాటిస్తున్నాను. ఎక్కువ నెలలు లాభమే. జనం భయపడి కొనే బీమా అది, ఎప్పుడూ అసలు కంటే కాస్త ఎక్కువకే అమ్ముడవుతుంది. రెట్టింపు ధర పలుకుతుంటే కళ్ళు మూసుకుని అమ్ము.

చేపల రేవు

నాకు అర్థం కాని విషయం ఒకటి. బ్యాంక్ నిఫ్టీ ఆప్షన్ 300, 400 రూపాయలు ఉంటుంది. ఈ షేరు కాల్ ముప్పై చిల్లర. మరి ఇది చవక కదా? ఖరీదు అని ఎందుకంటున్నారు?

ఏయూ స్టాట్స్

రేవు గారూ, ప్రీమియం ఎన్ని రూపాయలన్నది ముఖ్యం కాదండి. వంజరం కిలో ధరను, కవ్వళ్ళ బుట్ట ధరను పక్కపక్కన పెట్టి ఏది చవకో చెప్పలేం కదా. షేరు ధర ఎంత, ఎక్స్‌పైరీకి ఎన్ని రోజులుంది అన్నవి చూసి ప్రీమియాన్ని ఒకే కొలతలోకి మార్చాలి. ఆ కొలతే ఐవీ.

సాగరతీరం

కుర్రాడు గారూ, అమ్మే ముందు రెండు ప్రశ్నలు. ఎక్స్‌పైరీకి ఎన్ని ట్రేడింగ్ రోజులుంది? ఈ క్షణంలో 1,000 స్ట్రైక్ కాల్, పుట్ కలిపి ఎంతకు దొరుకుతున్నాయి? చివరిగా ట్రేడ్ అయిన ధర చెప్పవద్దు. కొనేవాడు అడిగే ధరకూ అమ్మేవాడు చెప్పే ధరకూ మధ్య చెప్పండి. షేరు ఆప్షన్లలో చివరి ట్రేడు ఒక్కోసారి గంట కిందటిది ఉంటుంది. దాని నుంచి యాప్ లెక్కగట్టిన ఐవీ కూడా అంత పాతదే.

గాజువాక కుర్రాడు

పది ట్రేడింగ్ రోజులుంది. ఫలితాల ప్రభావం పడే రోజు అందులో మూడోది. స్ట్రాడిల్ మధ్య ధర 67.

సాగరతీరం

సరే. ముంబయిలో కొన్నేళ్ళు ఆప్షన్ల డెస్క్ మీద కూర్చుని, ఇప్పుడు ఎంవీపీ కాలనీలో తీరిగ్గా సముద్రం గాలి పీలుస్తున్నవాణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీరు పోలుస్తున్న రెండు అంకెలు రెండు వేర్వేరు రకాల రోజుల గురించి చెబుతున్నాయి. 24 అనేది గడిచిన 20 రోజులది. అందులో ఫలితాల రోజు ఒక్కటీ లేదు, అన్నీ మామూలు రోజులే. 42 అనేది రాబోయే పది రోజులది. అందులో తొమ్మిది మామూలు రోజులు, ఒకటి పిడుగు పడే రోజు. పిడుగు లేని నెల సగటును, పిడుగు ఉన్న రెండు వారాల సగటుతో పోల్చి రెట్టింపు అంటే ఎలా? ఆ ఒక్క రోజును విడదీసి చూడాలి.

యాప్ చూపే ఐవీని పక్కన పెట్టి నేరుగా ధర నుంచి మొదలుపెడదాం. షేరు ధరకు దగ్గరి స్ట్రైక్‌లోని స్ట్రాడిల్ ధరను 1.25తో గుణిస్తే, ఎక్స్‌పైరీ దాకా మార్కెట్ ఊహిస్తున్న మొత్తం కదలిక సుమారుగా వస్తుంది. 67 అంటే 1,000లో 6.7 శాతం. 1.25తో గుణిస్తే 8.4 శాతం. ఇది పది రోజులకు కలిపి.

వోలటిలిటీలను నేరుగా కూడటం, తీసివేయటం కుదరదు. వర్గాలు చేసి చేయాలి. 8.4 వర్గం సుమారు 70. ఇక మామూలు రోజులు: హెచ్‌వీ 24 అంటే ఏడాది లెక్క. దాన్ని 252 వర్గమూలంతో, అంటే సుమారు 16తో భాగిస్తే రోజుకు 1.5 శాతం. వర్గం 2.25. తొమ్మిది రోజులకు సుమారు 20. డెబ్బైలో ఇరవై పోతే యాభై మిగిలింది. దాని వర్గమూలం 7.

అంటే మార్కెట్ అడుగుతున్నది ఇదే: ఫలితాల రోజు షేరు 7 శాతం స్థాయిలో ఊగుతుందని నేననుకుంటున్నాను, నువ్వేమంటావు? 24 పెద్దదా 42 పెద్దదా అన్న ప్రశ్నతో పని లేదు. ఈ కంపెనీ షేరు ఫలితాల రోజున ఎంత కదులుతుందన్నదే మీరు జవాబు వెతకాల్సిన ప్రశ్న.

షీటులో పెట్టుకోవాలంటే B1లో షేరు ధర, B2లో స్ట్రాడిల్, B3లో మిగిలిన రోజులు, B4లో మామూలు రోజు కదలిక శాతం:

```
=SQRT((125*B2/B1)^2-(B3-1)*B4^2)
```

గత ఎనిమిది త్రైమాసికాల్లో ఫలితాల తర్వాతి రోజున ముగింపు నుంచి ముగింపుకు షేరు ఎంత శాతం కదిలిందో తవ్వి తీసుకురండి. పెరిగిందా తగ్గిందా అవసరం లేదు.

గాజువాక కుర్రాడు

తీశానండి. పాతవాటి నుంచి వరసగా: 3.1, 6.4, 1.2, 4.8, 9.0, 2.2, 5.1, 4.0. సగటు 4.5 వస్తోంది. 7 ముందు 4.5 అంటే ఇంకా ఖరీదే కదా!

ఏయూ స్టాట్స్

ఆగండి, ఆ 4.5ను 7తో పోల్చకూడదు. సాగరతీరం గారి 7 వర్గాల నుంచి వచ్చింది కాబట్టి మీ ఎనిమిదింటికీ అదే చేయాలి. వర్గాలు కూడితే దాదాపు 203. ఎనిమిదితో భాగిస్తే 25. వర్గమూలం 5. కాబట్టి పోలిక 7కు, 5కు మధ్య.

సాగరతీరం

సరిగ్గా చెప్పారు. దీన్నే మళ్ళీ ధరలోకి మార్చండి. మామూలు రోజుల 20, ఫలితాల రోజు 25, కలిపి 45 చిల్లర. వర్గమూలం 6.75. దాన్ని 1.25తో భాగిస్తే, అంటే 0.8తో గుణిస్తే 5.4 శాతం, అంటే 54 రూపాయలు. గతం పునరావృతమైతే ఈ స్ట్రాడిల్‌కు తగిన ధర 54, అడుగుతున్నది 67. ఏడాది లెక్కలో చూస్తే తగిన ఐవీ 34. అంటే 42 ఎక్కువే, కానీ 34 కంటే ఎక్కువ. మీరనుకున్నట్టు 24 కంటే రెట్టింపేమీ కాదు.

మీ గత నష్టం సంగతి కూడా ఇదే. మీరిచ్చిన 66లో పెద్ద ముక్క ఆ ఒక్క రోజుకు కట్టిన ధర. ఆ రోజు గడవగానే ఆ ముక్క ఆవిరైంది. మిగిలిన ఏడు రోజులకు ఐవీ 25 దగ్గరికి పడిపోయి ఉంటుంది. 1,040 దగ్గర మీ కాల్ 44, పుట్ 4, మొత్తం 48. లెక్క సరిపోయిందా? షేరు 4 శాతం కదిలింది నిజమే, కానీ మీరు దాదాపు 7 శాతం స్థాయి కదలికకు డబ్బు కట్టారు.

రిటైర్డ్ ఫర్నేస్

ఇంత లెక్క చేసి చివరికి నేను చెప్పిందే చెప్పారు. 54 సరుకు 67కు పోతోంది. అమ్మమనేగా!

సాగరతీరం

ఫర్నేస్ గారూ, తేడా 13 రూపాయలు. లాట్‌కు 6,500. ఇప్పుడా ఎనిమిదిలో 9.0 ఉన్న త్రైమాసికం చూడండి. ఆ రోజు మళ్ళీ వస్తే స్ట్రాడిల్ కనీసం 90 అవుతుంది. అమ్మినవాడికి షేరుకు 23 పైనే నష్టం, లాట్‌కు పదకొండు వేలు దాటుతుంది. పైగా ఆ 203లో 81 ఆ ఒక్క రోజుదే. దాన్ని తీసేసి మిగతా ఏడింటితో లెక్కిస్తే 5 కాస్తా 4.2కి దిగుతుంది. ఇంకో 9 కలిస్తే పైకి పోతుంది. ఎనిమిది అంకెల మీద కట్టిన 54 అంత గట్టిది కాదు.

ఇండెక్స్‌లో మీ అనుభవం నేను కాదనను. నిఫ్టీలో చాలా నెలలు ఐవీ, ఆ తర్వాత నిజంగా జరిగిన కదలిక కంటే కాస్త పైనే ఉంటుంది. కానీ గమనించారా, మీరు అమ్మేటప్పుడు చూస్తున్నది గడిచిన హెచ్‌వీని. మీకు లాభం ఇచ్చేది రాబోయే హెచ్‌వీ. చాలా నెలలు ఆ రెండూ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి సూత్రం పనిచేసినట్టు కనిపిస్తుంది.

లాసన్స్‌బే లక్ష్మి

దగ్గరదగ్గరగా లేని నెల నాకు బాగా గుర్తు. ఒకే నెలలో రెండు వైపులా దెబ్బ తిన్నదాన్ని, నా కథ వినండి.

2024 జూన్ 3. మర్నాడు లోక్‌సభ ఎన్నికల లెక్కింపు. నిఫ్టీ 3.25 శాతం ఎగిరి 23,263 దగ్గర ముగిసింది. నిఫ్టీ ఆప్షన్ల ఐవీని చూపే ఇండియా విక్స్ 21 దగ్గర. అంతకుముందు నెల రోజుల కదలిక నా షీటులో అందులో సగం పైచిలుకు మాత్రమే. ఎగ్జిట్ పోల్స్ వచ్చేశాయి, ఇక తెలియాల్సింది ఏముంది అనుకుని, ఖరీదుగా ఉందని స్ట్రాడిల్ అమ్మాను. జూన్ 4న నిఫ్టీ 5.93 శాతం పడి 21,884 దగ్గర ముగిసింది. ఆ రోజు సాయంత్రం బీచ్ రోడ్డు మీద ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

అసలు విషయం ఆ తర్వాతే ఉంది. జూన్ 5న నిఫ్టీ 3.36 శాతం పెరిగింది, విక్స్ 19 కిందికి వచ్చింది. నెలాఖరుకు 14 దరిదాపులకు దిగింది. నా షీటులో 20 రోజుల హెచ్‌వీ మాత్రం 29 చూపిస్తూనే ఉంది. ఐవీ 14, హెచ్‌వీ 29! ఇంత చవక మళ్ళీ దొరకదని ఈసారి స్ట్రాడిల్ కొన్నాను. అది రోజుకింత చొప్పున కరిగి పోయింది. జూలై మొదటి వారంలో ఒకరోజు షీటు తెరిచి చూస్తే హెచ్‌వీ 29 నుంచి 13కు పడిపోయి ఉంది. మార్కెట్లో ఏమీ జరగలేదు. షీటు చెడిపోయిందనుకున్నాను.

ఏయూ స్టాట్స్

షీటు బాగానే ఉందండి లక్ష్మి గారూ. జూన్ 3, 4, 5 ఆ 20 రోజుల కిటికీ లోంచి ఒక్కొక్కటే బయటికి జారిపోయాయి. నేను సుమారుగా లెక్కేశాను. మిగతా 17 రోజులూ 0.8 శాతం చొప్పున కదిలాయనుకున్నా, ఈ మూడు రోజులు కలిస్తే హెచ్‌వీ 29 వస్తుంది, అవి లేకపోతే 13. అంటే జూన్ అంతా మీరు చూసిన 29లో ఆ నెల మామూలు రోజుల గురించిన సమాచారం దాదాపు లేదు. మూడు రోజులే గొంతు చించుకుని అరుస్తున్నాయి.

ఎవరికైనా అనుమానం వస్తే కిటికీని 20 నుంచి 10కీ 60కీ మార్చి చూడండి. మూడూ మూడు రకాలుగా చెబుతుంటే లోపల ఒకటో రెండో పెద్ద రోజులు కూర్చున్నాయని అర్థం. అప్పుడు రోజువారీ కదలికల పట్టీని కళ్ళతో చూసి, వాటిని పక్కన పెట్టి మళ్ళీ లెక్కించాలి.

చేపల రేవు

ఇప్పుడు నాకు తలకెక్కింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మాకు వేట నిషేధం. నిషేధం ఎత్తేశాక మొదటి వారం ధరలు ఎలా ఎగిరిపడతాయో రేవులో అందరికీ తెలుసు. జూన్ 10న నిలబడి మే నెల ధరలు చూసి రాబోయే వారం ఒప్పందం రాసుకునేవాడు లేడు. అలాగే ఆ మొదటి వారం ధరలు చూసి జూలై అంతా ఇలాగే ఉంటుందనుకునేవాడూ లేడు. లక్ష్మి గారు రెండూ చేశారన్నమాట. ఏమీ అనుకోవద్దమ్మా.

లాసన్స్‌బే లక్ష్మి

అనుకోవడానికి ఏముందండి, నిజమే కదా. ఇంత సూటిగా అప్పుడెవరూ చెప్పలేదు.

సాగరతీరం

లక్ష్మి గారి రెండో దెబ్బ గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే బాగా రాశారు. కుర్రాడి తప్పు, ఆ తప్పు అద్దంలో బొమ్మలాంటివి. ఒకచోట పెద్ద రోజు ఐవీలో ఉంది, హెచ్‌వీలో లేదు. ఇంకోచోట హెచ్‌వీలో ఉంది, ఐవీలో లేదు.

మొదటి దెబ్బ మీద మాత్రం ఒక మాట. 21 మీద అమ్మడం తప్పా ఒప్పా అన్నది 5.93 శాతం పడిందన్న ఒక్క ఫలితం చూసి తేల్చలేం. విక్స్ 30 రోజుల కొలత కాబట్టి ఆ ఒక్క రోజుకు కట్టిన ధర అందులో పలుచబడిపోయి ఉంటుంది. దగ్గరి ఎక్స్‌పైరీ స్ట్రాడిల్ ధర చూసి ఉంటే జూన్ 4కు మార్కెట్ ఎంత కడుతోందో సూటిగా తెలిసేది.

కుర్రాడు గారూ, ఇంకో పరీక్ష ఉంది. వచ్చే నెల ఎక్స్‌పైరీ ఐవీ ఎంత?

గాజువాక కుర్రాడు

33 ఉందండి. దానికి 30 ట్రేడింగ్ రోజులుంది. తక్కువగా ఉంది కదా, అది చవకా?

సాగరతీరం

తక్కువగా ఉండి తీరాలి. అదే పిడుగు ముప్పై రోజుల మీద పరుచుకుంది. నేను అడిగింది వేరే పని కోసం. మామూలు రోజు 1.5 శాతం అని మనం గతం నుంచి తెచ్చుకున్నాం. మార్కెట్ కూడా అలాగే అనుకుంటూ ఉంటే వచ్చే నెల ఐవీ 31 ఉండాలి. 33 ఉంది. ముప్పై రోజుల మొత్తంలోంచి మొదటి పది రోజుల మొత్తం తీసేస్తే మిగిలిన ఇరవైలో ఫలితాలు లేవు, అన్నీ మామూలు రోజులే. ఆ లెక్కలో రోజుకు 1.7 శాతం వస్తోంది.

ఆ 1.7ను వెనక్కి తెచ్చి పెడితే ఫలితాల రోజుకు కడుతున్నది 7 కాదు, 6.6. తగిన ధర 54 కాదు, 58. మీ 13 రూపాయల తేడా 9కి దిగింది. రెండు ఆప్షన్లు అమ్మి, తిరిగి కొనేటప్పుడు మధ్య ధర ఎవరూ ఇవ్వరు. పన్నులు, బ్రోకరేజీ కూడా తీసేయండి. ఐదో ఆరో మిగులుతుంది. దాని కోసం 9 శాతం రోజుకు ఎదురు నిలబడాలి.

రిటైర్డ్ ఫర్నేస్

మామూలు రోజు 1.5 నిజమా 1.7 నిజమా అన్నది ఎవరు తేల్చాలి? మార్కెట్ 1.7 అంటోంది కాబట్టి అదే ఒప్పు అంటే, మార్కెట్ 7 అంటోంది కాబట్టి 7 కూడా ఒప్పే అనాలిగా. అప్పుడు ఏదీ ఖరీదు కాదు, ఏదీ చవక కాదు. మధ్యలో మీకు నచ్చిన చోట ఆగారు.

సాగరతీరం

మంచి దెబ్బే కొట్టారు. ఒక అంకెను గతం నుంచి, ఒక అంకెను మార్కెట్ నుంచి తీసుకున్న మాట నిజం. నా వాదన ఏమిటంటే, మామూలు రోజుల విషయంలో 20 రోజుల హెచ్‌వీకి తెలియనిది మార్కెట్‌కు తెలిసే అవకాశం ఉంది. ఫలితాల రోజు విషయంలో భయం ధరలో ఎక్కువగా కలుస్తుంది. కానీ ఇది నిరూపణ కాదు, నా అలవాటు. ఇదే డెస్క్ మీద నా పక్క కుర్చీలో కూర్చున్నాయన ఉల్టాగా చేసేవాడు, అతనూ బతికాడు.

ఏయూ స్టాట్స్

1.5కూ 1.7కూ మధ్య తేడా 20 రోజుల నమూనాలో మామూలుగా వచ్చే పొరపాటు పరిధిలోనే ఉంది. కాబట్టి ఎవరు ఒప్పో ఈ డేటాతో తేలదు. నా ఉద్దేశంలో 54 అనో 58 అనో చెప్పకుండా 50కీ 62కీ మధ్య అని రాసుకోవడం మేలు. 67 ఆ పరిధికి పైనే ఉంది, కానీ ఎంతో దూరంలో లేదు.

లాసన్స్‌బే లక్ష్మి

కుర్రాడు గారూ, ఇంకోటి కూడా చూసుకోండి. షేరు ఆప్షన్లు ఎక్స్‌పైరీ దాకా ఉంచితే మన దగ్గర షేర్లే ఇచ్చిపుచ్చుకోవాలి, నగదు తేడాతో పోదు. చివరి రోజుల్లో మార్జిన్ కూడా పెంచుతారు. ఫలితాల మర్నాడే బయటికి రాలేకపోతే ఆ ఐదారు రూపాయల మిగులు అక్కడే పోతుంది.

గాజువాక కుర్రాడు

చాలా థాంక్సండి. నిన్న రాత్రంతా షీటులో B4ను మారుస్తూ కూర్చున్నాను. 1.5 పెడితే అమ్మాలనిపిస్తుంది, 2 పెడితే చేతులు ముడుచుకోవాలనిపిస్తుంది. ఇలా ఉన్నప్పుడు ఒక లాట్ కూడా నాకు ఎక్కువే. ఈసారి చూస్తూ ఊరుకుంటాను.

గాజువాక కుర్రాడు

ఫలితాలు వచ్చాయి. షేరు 2.6 శాతం తగ్గింది. స్ట్రాడిల్ ముగింపులో 41.

రిటైర్డ్ ఫర్నేస్

67కు అమ్మి 41కి కొంటే లాట్‌కు 13,000! నేను మొదటి రోజే చెప్పాను.

చేపల రేవు

ఫర్నేస్ గారూ, తుపాను హెచ్చరిక వచ్చిన రోజు వేటకు వెళ్ళి వల నిండా చేపలతో తిరిగొచ్చినవాళ్ళు మా రేవులోనూ ఉన్నారు.

సాగరతీరం

ఫర్నేస్ గారు గెలిచారు, ఒప్పుకోవాలి. కుర్రాడు గారూ, మీ పట్టీలో ఇప్పుడు తొమ్మిది అంకెలు.

గాజువాక కుర్రాడు

వేశానండి. 5.0 కాస్తా 4.8 అయింది. వచ్చే త్రైమాసికం ఫలితాల తేదీ కంపెనీ చెప్పగానే ఇక్కడే రాస్తాను. ఈలోపు ఈ రోజు కదలిక నా 20 రోజుల కిటికీలోకి వచ్చి కూర్చుంది. హెచ్‌వీ రేపటి నుంచి ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి ఏదీ కొననులెండి.